స్లాట్ ఒకటే, సిరీస్‌లు ఐదు వందల నలభై: బ్యాటరీ స్వాప్ స్టేషన్ల టైమ్ సిరీస్ స్టోర్, ఒక కేస్ స్టడీ

బెంగళూరులో ఎలక్ట్రిక్ స్కూటర్లకు బ్యాటరీ మార్చి ఇచ్చే స్టేషన్లు నడిపే ఒక సంస్థకు టెలిమెట్రీ స్టోర్ మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆ పనిలో ఏం చూశాం, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నదే ఈ వ్యాసం. సంస్థ పేరు చెప్పడం లేదు. అంకెలు లెక్క వేసుకోవడానికి వీలుగా గుండ్రంగా మార్చాను, నిష్పత్తులు మాత్రం చెడలేదు.

స్టేషన్లు 300. ఒక్కోదానికి 12 స్లాట్లు, అంటే మొత్తం 3,600. రైడర్ వచ్చి ఖాళీ అయిన బ్యాటరీని ఒక స్లాట్‌లో పెట్టి, నిండినది ఇంకో స్లాట్‌లోంచి తీసుకుని వెళ్లిపోతాడు. ప్రతి స్లాట్ నుంచి ఎనిమిది కొలతలు వస్తాయి: వోల్టేజి, కరెంటు, సెల్ గరిష్ఠ ఉష్ణోగ్రత, ఛార్జ్ శాతం, ఛార్జర్ ఇచ్చిన ఎనర్జీ, ఇలా. ఛార్జింగ్ నడుస్తుంటే పది సెకన్లకోసారి, లేకపోతే నిమిషానికోసారి పంపుతుంది. సిమ్ డేటా ఖర్చు తగ్గించడానికి ఫర్మ్‌వేర్ వాళ్లు పెట్టిన నియమం అది. తర్వాత మా తల తిన్నది కూడా అదే.

మేం వెళ్లేసరికి అక్కడ ప్రొమీథియస్, దాని వెనక థానోస్ ఉన్నాయి. స్టేషన్ల నుంచి వచ్చేది ఒక గేట్‌వే అందుకుని రిమోట్ రైట్‌తో లోపలికి తోస్తుంది. సర్వర్లను కనిపెట్టుకోవడానికి పెట్టుకున్న సరంజామానే స్టేషన్లకూ వాడుకున్నారు. మొదట్లో ముప్పై స్టేషన్లే కాబట్టి బాగానే నడిచింది. ఫిర్యాదు ఏమిటంటే, మూడు నెలల గ్రాఫ్ తెరుచుకోదు. ఒక రోజుది వెంటనే వస్తుంది, వారానిది కాస్త ఆలస్యంగా వస్తుంది, తొంభై రోజులు అడిగితే టైమవుట్. హెచ్ఎస్ఆర్ లేఔట్ ఆఫీసులో మొదటి మీటింగులో ప్లాట్‌ఫామ్ టీమ్ కుర్రాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది: “అన్నా, డౌన్‌శాంప్లింగ్ ఆన్ చేసే ఉంది కదా. తొంభై రోజులకు గంటకో పాయింటే చదవాలి. అయినా ఎందుకు ఇంత నెమ్మది?”

సరైన ప్రశ్నే. జవాబు సిరీస్‌ల లెక్కలో ఉంది.

పాయింట్లు కాదు, సిరీస్‌లు

ముందు డేటా ఎంతో చూద్దాం. అన్ని స్లాట్లూ పది సెకన్లకోసారి పంపుతాయనుకున్నా, సెకనుకు 2,880 శాంపిళ్లు, రోజుకు 25 కోట్లకు కాస్త తక్కువ. 2015లో ఫేస్‌బుక్ వాళ్లు గొరిల్లా పేరుతో ప్రచురించిన పేపర్‌లో, టైమ్‌స్టాంపుల తేడాల తేడానూ, పక్కపక్క విలువల ఎక్సార్‌నూ రాసుకుంటే పదహారు బైట్ల శాంపిల్ సగటున 1.37 బైట్లకు దిగుతుందని చూపించారు. ప్రొమీథియస్ లోపలి కుదింపు కూడా దాని దారిలోదే. సెన్సార్ విలువలు వణుకుతుంటాయి కాబట్టి మనం రెండు బైట్లు వేసుకుందాం. రోజుకు 500 ఎంబీ, ఏడాదికి 180 జీబీ. ఈ రోజుల్లో ఇది ఒక పెద్ద విషయమే కాదు. ముడి డేటా మొత్తం ఏడాది పాటు దాచుకున్నా ఎవరూ అడగరు.

ఇప్పుడు లేబుళ్లు చూడండి. ప్రతి కొలతకూ `station`, `slot`, `battery_id` ఉన్నాయి. టైమ్ సిరీస్ డేటాబేస్‌కు లేబుళ్ల కలయికే సిరీస్ గుర్తింపు. వాటిలో ఒక్క విలువ మారినా అది కొత్త సిరీస్. ఒక స్లాట్‌లో రోజుకు సగటున ఆరు సార్లు బ్యాటరీ మారుతుంది. అంటే కోరమంగలలో ఒక స్లాట్ ఉష్ణోగ్రత అన్న ఒకే ఒక్క విషయం, తొంభై రోజుల్లో 540 సిరీస్‌లుగా ముక్కలవుతుంది. అన్ని స్లాట్ల ఉష్ణోగ్రత అడిగితే 19.44 లక్షల సిరీస్‌లు. ఎనిమిది కొలతలకూ కలిపి రోజుకు 1,72,800 కొత్త సిరీస్‌లు పుడతాయి.

ఏ క్షణంలో చూసినా బతికి ఉన్నవి మాత్రం 28,800 మాత్రమే. అందుకే ఇది ఎవరి కంటా పడలేదు. హై కార్డినాలిటీ అనగానే అందరూ చూసేది ప్రొమీథియస్ మెమరీలో పట్టుకునే తాజా భాగం, అంటే హెడ్‌లో ఎన్ని సిరీస్‌లు ఉన్నాయి, మెమరీ ఎంత తింటోంది అని. రెండు మూడు గంటల హెడ్‌లో చనిపోయినవి కూడా కలుపుకుని ఇక్కడ యాభై వేలు ఉంటాయి. ప్రొమీథియస్‌కు అదొక లెక్కా? డ్యాష్‌బోర్డు అంతా పచ్చగానే ఉంది. చూడాల్సింది పుట్టుక రేటు:

```
rate(prometheus_tsdb_head_series_created_total[1h])
prometheus_tsdb_head_series
```

మొదటిది సెకనుకు సుమారు రెండు చూపించింది. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. దాన్ని 86,400తో హెచ్చవేసి, రెండో దాంతో భాగిస్తే ఆరు వస్తుంది. అంటే సిరీస్‌ల జనాభా రోజుకు ఆరు సార్లు పూర్తిగా మారిపోతోంది. నా లెక్కలో ఈ నిష్పత్తి ఒకటి దాటితే, ఏ లేబుల్ దాన్ని తిప్పుతోందో వెతకాలి.

ఇప్పుడు కుర్రాడి ప్రశ్నకు వద్దాం. డౌన్‌శాంప్లింగ్ తగ్గించేది ఒక సిరీస్‌లోని పాయింట్లను. సిరీస్‌ల సంఖ్యను అది ముట్టుకోదు. ఇక్కడ ఒక సిరీస్ ఆయుష్షు నాలుగు గంటలు, అంటే 1,440 పాయింట్లు, సుమారు 2,900 బైట్ల డేటా. దానికి ఇండెక్స్‌లో లేబుళ్ల జాబితా, పోస్టింగ్ లిస్టుల్లో చోటు, ఛంక్ చిరునామాలు అన్నీ కలిపి ఓ వంద బైట్లు. గంట స్థాయికి దించితే ఆ సిరీస్‌లో నాలుగైదు పాయింట్లు మిగులుతాయి. థానోస్ ఒక్కో కాలపు ముక్కకు, అంటే కిటికీకి కౌంట్, సమ్, మిన్, మ్యాక్స్, కౌంటర్ అని ఐదు రకాలు దాస్తుంది. ప్రతి ఛంక్‌లో మొదటి పాయింటు కుదింపు లేకుండా పూర్తిగా రాయాలి, నాలుగైదు పాయింట్ల ఛంక్‌లో కుదించడానికి మిగిలేదేముంది? డేటా రెండు వందల బైట్ల దగ్గర ఆగుతుంది. ఇండెక్స్ మాత్రం వంద దగ్గరే ఉంది. మొదట డేటాలో మూడు శాతం ఉన్న ఇండెక్స్, ఇప్పుడు మొత్తం సరుకులో మూడో వంతు. తొంభై రోజుల క్వెరీకి పోస్టింగులు వెతకడం, 19 లక్షల సిరీస్ ఎంట్రీలు చదవడం, ఒక్కోదానికి ఆబ్జెక్ట్ స్టోర్‌లోంచి చిన్న ముక్క తేవడం, ఇవన్నీ యథాతథం. తగ్గింది ముక్క సైజు ఒక్కటే.

నిజానికి థానోస్ డాక్యుమెంటేషన్ కూడా డౌన్‌శాంప్లింగ్ చోటు ఆదా కోసం కాదనే చెబుతుంది. ముడి బ్లాకులు ఉంచుకుంటే, ఐదు నిమిషాలవీ గంటవీ అదనంగా వచ్చి నిల్వ మూడింతల దాకా పెరగొచ్చు. దాని ఉద్దేశం, చాలా కాలం బతికే సిరీస్‌ను దూరం నుంచి చూడటం. మన సిరీస్‌లు నాలుగు గంటలకే చచ్చిపోతుంటే దూరం నుంచి చూడటానికి అక్కడ ఏమీ ఉండదు.

లేబుళ్లను హెచ్చవేసే అలవాటు

కార్డినాలిటీ లెక్క అంటే లేబుళ్ల విలువలన్నీ హెచ్చవేయడం అని చాలా చోట్ల రాస్తారు. ఆ టీమ్ కూడా అలాగే వేసి, 300 స్టేషన్లు, 12 స్లాట్లు, 8,000 బ్యాటరీలు కలిపి దాదాపు 2.9 కోట్లు అని భయపడి, మొదట `city`, `zone` లేబుళ్లు తీసేశారు. దానివల్ల ఒక్క సిరీస్ కూడా తగ్గలేదు. స్టేషన్ తెలిస్తే జోన్ తెలిసినట్టే కాబట్టి అది కొత్త కలయికను పుట్టించదు. అదే కారణంగా ఛార్జింగ్ సెషన్ నంబరు లేబుల్‌గా పెట్టినా సంఖ్య పెరగదు, ఎందుకంటే బ్యాటరీ మారినప్పుడే సెషనూ మారుతుంది. హెచ్చవేతతో వచ్చేది పైకప్పు మాత్రమే. అసలు సంఖ్య, కాలంతో పాటు నిజంగా జరిగిన కలయికలు ఎన్నో అంత.

ప్రొమీథియస్‌లోనే ఉంటూ దీనికి ఒక మందు ఉంది. కొలతల మీద `battery_id` తీసేసి, ఏ స్లాట్‌లో ఏ బ్యాటరీ ఉందో చెప్పే ఒక్క మెట్రిక్ విడిగా పెట్టడం:

```
slot_cell_temp_max
  * on (station, slot) group_left (battery_id)
  slot_battery_info
```

రోజుకు 1,72,800 కొత్త సిరీస్‌లు 21,600కు దిగుతాయి. ఆ తర్వాత వచ్చిన డేటాకు స్టేషన్ల గ్రాఫులు తెరుచుకున్నాయి. మీ సమస్య ఇంతవరకే అయితే ఇక్కడ ఆగిపోవచ్చు, కొత్త స్టోర్ కట్టకండి. మేం ఆగలేకపోవడానికి రెండు కారణాలు.

ఒకటి, బ్యాటరీ తీసిన వెంటనే పాత ఇన్ఫో సిరీస్ చచ్చిపోయిందని ప్రొమీథియస్‌కు తెలియాలి. తానే వెళ్లి లాగే టార్గెట్లయితే స్టేల్ మార్కర్ పడుతుంది. గేట్‌వే తోసే డేటాలో దాన్ని మనమే పంపాలి, లేకపోతే ఐదు నిమిషాల పాటు పాతదీ కొత్తదీ రెండూ ఉన్నట్టే కనిపించి, పై జాయిన్ ఒక స్లాట్‌కు రెండు జతలు దొరికాయని ఎర్రర్ ఇస్తుంది. ఇది సర్దుకోవచ్చు. రెండోది సర్దుకోలేనిది: ఆలస్యంగా వచ్చే డేటా. సగం స్టేషన్లు అపార్ట్‌మెంట్ల, మాల్‌ల బేస్‌మెంట్ పార్కింగుల్లో ఉన్నాయి. అక్కడ సిగ్నల్ పోతే గంటల తరబడి పోతుంది. పీణ్య వైపు కరెంటు పోయి రూటర్ ఆగిపోతే మర్నాడు వస్తుంది. స్టేషన్ తన దగ్గర ఏడు రోజుల డేటా దాచుకుని, లైను రాగానే అంతా ఒక్కసారి పంపుతుంది. ప్రొమీథియస్ 2022లో 2.39 వెర్షన్‌లో వెనకటి డేటాను అనుమతించే వెసులుబాటు తెచ్చింది గానీ, ఏడు రోజుల కిటికీ పెట్టి దాని మీద డౌన్‌శాంప్లింగ్‌ను నమ్ముకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

గుర్తింపు ఏది, విలువ ఏది

కొత్త స్టోర్‌కు క్లిక్‌హౌస్ తీసుకున్నాం. టీమ్‌లో ఇద్దరికి అది వచ్చు, ఎస్‌క్యూఎల్ అందరికీ వచ్చు. అంతకు మించి గొప్ప కారణం లేదు. అసలు మార్పు డేటాబేస్ పేరులో లేదు, బ్యాటరీ నంబరు గుర్తింపు నుంచి విలువల వైపు జరగడంలో ఉంది:

```sql
CREATE TABLE slot_raw (
  slot_id    UInt32,
  ts         DateTime('Asia/Kolkata') CODEC(DoubleDelta, ZSTD),
  battery_no UInt32  CODEC(ZSTD),
  temp_max   Float32 CODEC(Gorilla, ZSTD),
  energy_wh  UInt64  CODEC(Delta, ZSTD)
  -- మిగతా కొలతలు
)
ENGINE = ReplacingMergeTree
PARTITION BY toDate(ts)
ORDER BY (slot_id, ts);
```

స్లాట్ గోడకు బిగించిన వస్తువు. అది ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి క్రమంలో మొదటిది అదే. బ్యాటరీ అందులోకి వచ్చిపోయే అతిథి. ఆ కాలమ్‌లో ఒకే అంకె నాలుగు గంటల పాటు వరసగా 1,440 సార్లు వస్తుంది, కుదిస్తే దాదాపు ఏమీ మిగలదు. బ్యాటరీలు ఎనిమిది వేలైనా ఎనిమిది లక్షలైనా ఈ టేబుల్ ఇండెక్స్‌కు సంబంధం లేదు.

అయితే పెట్టుబడి లేని లాభం కాదిది. “ఈ బ్యాటరీ చరిత్ర మొత్తం చూపించు” అంటే పాత పద్ధతిలో లేబుల్ మీద నేరుగా దొరికేది, ఇప్పుడు దొరకదు. అందుకు ఇంకో చిన్న టేబుల్: బ్యాటరీ, స్లాట్, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. రోజుకు 21,600 వరసలు, ఏడాదికి 79 లక్షలు. ఒక బ్యాటరీ తొంభై రోజుల్లో దాదాపు 240 చోట్ల కూర్చుని ఉంటుంది. ముందు ఆ 240 విరామాలు తెచ్చుకుని, తర్వాత ఒక్కో స్లాట్‌లో ఆ సమయపు ముక్కను చదవాలి. క్వెరీ కాస్త పొడుగవుతుంది. వారంటీ టీమ్‌కు దాన్ని వ్యూలో దాచి ఇచ్చాం.

ఐదు నిమిషాలను ఏ అంకెలుగా దాచాలి

నాకు ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. సగటు ఒక్కటే దాస్తే సగటుల సగటు తప్పుతుంది, కాబట్టి మొత్తమూ కౌంటూ దాచుకోమని ప్రతి చోటా చెబుతారు. శాంపిళ్లు సమాన వ్యవధిలో వస్తేనే ఆ సలహా పనిచేస్తుంది. మన స్లాట్ ఒక గంటలో అర గంట ఛార్జింగ్‌లో 44 డిగ్రీల దగ్గర, మిగతా అర గంట ఊరికే 32 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. మొదటి సగంలో 180 శాంపిళ్లు, రెండో సగంలో 30. మొత్తాన్ని కౌంట్‌తో భాగిస్తే 42.3 వస్తుంది. ఆ గంట నిజమైన సగటు 38. వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ సార్లు కొలిచాం కాబట్టి వేడికి ఓట్లు ఎక్కువ పడ్డాయి.

అందుకే కౌంట్ బదులు సెకన్లు దాచాం. ప్రతి శాంపిల్ తర్వాతి శాంపిల్ వచ్చేదాకా చెల్లుతుంది, కానీ 120 సెకన్లకు మించి చెల్లదు. విలువను చెల్లిన సెకన్లతో హెచ్చవేసి కూడితే ఒక అంకె, చెల్లిన సెకన్ల మొత్తం ఇంకో అంకె. ఐదు నిమిషాల కిటికీ నుంచి గంటకు, గంట నుంచి రోజుకు వీటిని ఊరికే కూడుకుంటూ పోవచ్చు. రెండో అంకెకు ఇంకో ఉపయోగం ఉంది. 300 సెకన్ల కిటికీలో అది 70 అని ఉంటే, మిగతా 230 సెకన్లు ఏం జరిగిందో మనకు తెలియదు. సున్నా వేరు, సమాచారం లేకపోవడం వేరు. గ్రాఫ్‌లో సగం కంటే తక్కువ నిండిన కిటికీలను చుక్కల గీతగా చూపిస్తున్నాం.

వీటితో పాటు మిన్, మ్యాక్స్. ఉష్ణోగ్రతకు ఇది సరిపోలేదు. సేఫ్టీ చూసే ఆవిడ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: 45 డిగ్రీల పైన ఎంతసేపు ఉంది? సగటు, మిన్, మ్యాక్స్ మూడూ ఉన్నా దీనికి జవాబు రాదు. 45 దాటిన సెకన్లు అని ఒక కాలమ్ పెడదామని మొదటి ఆలోచన. రేపు ఆ హద్దు 50కి మారితే పాత డేటా మూగబోతుంది. కాబట్టి ఉష్ణోగ్రతకు మాత్రం ఆరు అరలు పెట్టాం: 35 లోపు, 35–40, 40–45, 45–50, 50–55, ఆ పైన. ఒక్కో అరలో ఎన్ని సెకన్లు గడిచాయో దాస్తాం. కూడుకుంటూ పోవచ్చు, హద్దు అర అంచు మీద పడితే జవాబు కచ్చితం. ఎనిమిది కొలతలకూ అరలు పెట్టమని అడిగారు, ఒప్పుకోలేదు. ప్రశ్న అడగని కొలతకు అరలు దండగ.

ఎనర్జీ కౌంటర్ కథ వేరు. ఛార్జర్ రీబూట్ అయితే అది సున్నా నుంచి మొదలవుతుంది. కిటికీలో 9,940, 9,970, 0, 25 అని వచ్చాయనుకోండి. చివరిది నుంచి మొదటిది తీసేస్తే మైనస్ 9,915. పెరుగుదలలు మాత్రమే కూడాలి, తగ్గితే కొత్త విలువనే పెరుగుదలగా తీసుకోవాలి: 30, 0, 25, మొత్తం 55. 9,970 తర్వాత రీబూట్‌కు ముందు ఇంకెంత ఇచ్చిందో పోయినట్టే, కాబట్టి ఇది కనీసం ఇంత అని చెప్పే అంకె. కిటికీ మొదటి శాంపిల్‌ను ముందు కిటికీ చివరి శాంపిల్‌తో పోల్చడం మరిచిపోతే ప్రతి కిటికీలోనూ ఒక అడుగు తగ్గి, నెల కరెంటు బిల్లుతో లెక్క మూడు శాతం తేడా వస్తుంది. ముప్పై శాంపిళ్ల కిటికీలో ఒక అడుగు అంటే అంతే కదా.

కిటికీ మధ్యలో బ్యాటరీ మారితే? ఇద్దరి ఉష్ణోగ్రత కలిపి సగటు తీస్తే అది ఎవరిదీ కాదు. కాబట్టి ఇలా కూడి దాచే రోలప్ వరసకు గుర్తింపు స్లాట్, కిటికీ, బ్యాటరీ మూడూ కలిసి. ఐదు నిమిషాల టేబుల్‌లో రోజుకు స్లాట్‌కు 288 వరసలకు ఆరు అదనం, రెండు శాతం. గంట టేబుల్‌లో 24కు ఆరు అదనం, పాతిక శాతం. వారంటీ టీమ్ బ్యాటరీ వారీగానే అడుగుతుంది కాబట్టి గంట టేబుల్‌ను బ్యాటరీ నంబరు ముందు వచ్చేలా పేర్చాం. ముడి, ఐదు నిమిషాల టేబుళ్లు స్లాట్ క్రమంలోనే ఉన్నాయి.

ఇంతకీ ఎంత తగ్గింది? ముప్పై పాయింట్లు ఒకటవుతాయి కాబట్టి ముప్పై వంతు అనుకుంటాం. కానీ ఒక విలువ స్థానంలో నాలుగు దాస్తున్నాం, అంటే ఏడున్నర వంతే. అరలు కలిపితే ఇంకా తక్కువ. పైగా కూడిన మొత్తాలు ముడి విలువల్లా పక్కపక్కన ఒకేలా ఉండవు, కుదింపుకు లొంగవు. ఐదు నిమిషాల స్థాయి చోటు కోసం పెట్టుకోవద్దని దీని తర్వాత అందరికీ చెబుతున్నాను. అది చదివే వేగం కోసం.

కిటికీల గురించే ఇంకో మాట. మన సమయం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. యూటీసీ గంటల మీద కిటికీలు కోస్తే మన అర్ధరాత్రి, ఒక కిటికీ సరిగ్గా మధ్యలో పడుతుంది. గంట రోలప్ నుంచి రోజువారీ ఎనర్జీ రిపోర్టు ఎప్పటికీ సరిపోలదు. పాత థానోస్ రిపోర్టులకూ అకౌంట్స్ వాళ్ల అంకెలకూ రోజూ ఉండే చిన్న తేడాకు కారణం ఇదే అని తేలింది. ఐదు నిమిషాలకు ఈ బాధ లేదు, గంటకు ఉంది. అందుకే పై టేబుల్‌లో `Asia/Kolkata` అని రాసింది.

ఆలస్యంగా వచ్చినవీ, రెండుసార్లు వచ్చినవీ

క్లిక్‌హౌస్‌లో రోలప్‌కు సులువైన దారి మెటీరియలైజ్డ్ వ్యూ. ముడి టేబుల్‌లోకి డేటా రాగానే కూడిక జరిగిపోతుంది, ఆలస్యంగా వచ్చినా పాత కిటికీలో కలిసిపోతుంది. మా టీమ్‌లో అందరూ దానికే ఓటేశారు. అడ్డుపడింది మళ్లీ బేస్‌మెంట్ సిగ్నలే. స్టేషన్ ఒక బ్యాచ్ పంపుతుంది, మనకు అందుతుంది, అందిందన్న జవాబు వెళ్లే లోపు లైను పోతుంది. స్టేషన్ అదే బ్యాచ్ మళ్లీ పంపుతుంది, ఈసారి ఇంకొన్ని వరసలు కలిపి. ముడి టేబుల్‌లో ఒకే స్లాట్, ఒకే సమయం ఉన్న వరసలు మెర్జ్‌లో ఒకటైపోతాయి. వ్యూ మాత్రం ఇన్సర్ట్ అయిన ప్రతి బ్లాకునూ చూస్తుంది, రెండుసార్లు కూడేస్తుంది. మిన్, మ్యాక్స్ చెక్కుచెదరవు. సెకన్లు, ఎనర్జీ రెట్టింపవుతాయి. పైగా మన చెల్లుబాటు సెకన్లకు పక్క శాంపిల్ ఎవరో తెలియాలి, వ్యూకు తన బ్లాకు తప్ప ఏమీ కనబడదు.

అందుకని వ్యూ వదిలేసి, గేట్‌వే ప్రతి బ్యాచ్‌తో పాటు ఏ స్లాట్‌లో ఏ గంట కదిలిందో ఒక చిన్న జాబితాలో రాసేలా పెట్టాం. పది నిమిషాలకోసారి ఒక జాబ్ ఆ జాబితా తీసుకుని, కదిలిన గంటను ముడి డేటా నుంచి, డూప్లికేట్లు తీసేసి, మొదటి నుంచి లెక్కగట్టి, పాత వరసల స్థానంలో కొత్తవి రాస్తుంది. ఎన్నిసార్లు నడిపినా అదే ఫలితం. ఏదైనా తేడా అనిపిస్తే ఆ గంటను మళ్లీ జాబితాలో వేస్తే చాలు. కదిలిన గంట తర్వాతి గంట మొదటి కిటికీని కూడా కలుపుకోవాలి, కౌంటర్ అడుగు అక్కడికి దాటుతుంది కదా.

తప్పు జరిగితే ఎలా తెలుస్తుంది? ఏ కిటికీలోనైనా సెకన్ల మొత్తం 300 దాటితే ఎక్కడో రెండుసార్లు కూడినట్టే. ఈ ఒక్క పరీక్ష రోజూ రాత్రి నడుస్తుంది. రాసిన మొదటి వారంలోనే గడియారం వెనక్కి జరిగిన ఒక స్టేషన్‌ను పట్టించింది.

ఏది ఎన్నాళ్లు

రిటెన్షన్ గురించి మీటింగులు చాలా జరిగాయి, ఫలితం చిన్నది. ముడి డేటా 45 రోజులు, ఐదు నిమిషాలది 400 రోజులు, గంటది బ్యాటరీ వారంటీ ముగిసి ఇంకో ఏడాది గడిచేదాకా. 365 కాకుండా 400 ఎందుకంటే, ఈ ఏప్రిల్ వేడిని పోయిన ఏప్రిల్‌తో పోల్చాలంటే పాత నెల మొత్తం ఉండాలి. 45 కూడా ఊహ కాదు: స్టేషన్ ఏడు రోజుల దాకా ఆలస్యంగా పంపగలదు, రోలప్ కోడ్‌లో తప్పు దొరికితే నెల బిల్లు సైకిల్ మొత్తం తిరిగి లెక్కగట్టాలి, పైన ఓ వారం ఊపిరి.

తీసివేత వరస వరసగా జరగదు. రోజుకో పార్టిషన్ కాబట్టి 46వ రోజు మొత్తం పార్టిషన్ ఒక్కసారే ఎత్తేయడమే. దాన్ని డేటాబేస్ టీటీఎల్‌కు అప్పగించలేదు. టీటీఎల్‌కు తేదీ తప్ప ఇంకేమీ తెలియదు, రోలప్ జాబ్ నాలుగు వారాలుగా ఆగిపోయి ఉన్నా సరే సమయానికి ముడి డేటా తుడిచేస్తుంది. మా జాబ్ ముందు రెండు విషయాలు చూస్తుంది: ఆ రోజుకు జాబితాలో కదిలిన గంటలు మిగిలి ఉన్నాయా, ముడి డేటా నుంచి లెక్కగట్టిన సెకన్ల మొత్తమూ రోలప్‌లోని మొత్తమూ ఒకటేనా. రెండూ సరిపోతేనే `DROP PARTITION`. లేకపోతే ముడి డేటా అలాగే ఉండి, మనిషికి కబురు వెళ్తుంది. డిస్కు నిండడం రెండు వారాల ముందే కనిపిస్తుంది, పోయిన డేటా మాత్రం ఎవరో అడిగినప్పుడే కనిపిస్తుంది.

గేట్‌వేలో ఇంకో కట్టడి ఉంది. క్యాటలాగ్‌లో లేని స్లాట్ నంబరు వస్తే లోపలికి రాదు, పక్కన పెడుతుంది. కొత్త కొలత కావాలంటే కాలమ్ కలపాలి, అంటే ఎవరో ఒకరు రివ్యూ చేయాలి. ఫర్మ్‌వేర్ వాళ్లు ఎర్రర్ మెసేజ్‌ను కూడా డైమెన్షన్‌గా పంపుతామన్నారు. అందులో టైమ్‌స్టాంప్ ఉంది. అలాంటి మెసేజ్‌లు లాగ్‌లోకి పంపి, ఎర్రర్ కోడ్ ఒక్కటే కొలతల్లోకి రానిచ్చాం.

తేలనిది

తొంభై రోజుల స్టేషన్ గ్రాఫ్ ఇప్పుడు రెండు సెకన్ల లోపు వస్తుంది. పాతది చేయగలిగి, కొత్తది చేయలేని పని కూడా ఒకటి ఉంది. రోలప్‌లో మ్యాక్స్ ఉష్ణోగ్రత ఉంది, మ్యాక్స్ కరెంటు ఉంది, ఆ రెండూ ఒకే క్షణంలో జరిగాయా అన్నది లేదు. 45 రోజులు దాటితే ఆ ప్రశ్నకు జవాబు లేదు. బ్యాటరీ వాపు కేసుల్లో ఇంజినీర్లు అడిగేది సరిగ్గా అదే, అదీ మూడు నెలల తర్వాత.

అన్ని ముడి డేటానూ ఉంచుకోవచ్చు, ఏడాదికి 180 జీబీనే కదా అని మీరనవచ్చు. స్టేషన్లు పదింతలు చేసే ఆలోచనలో సంస్థ ఉంది కాబట్టి ఆ దారి పట్టలేదు. బదులుగా సెల్ ఉష్ణోగ్రత 55 దాటితే, ముందు గంట వెనక గంట ముడి వరసలు వేరే టేబుల్‌లోకి కాపీ అవుతాయి, దానికి గడువు లేదు. ఇక్కడా హద్దు పెట్టాల్సి వచ్చింది. సెన్సార్ వైరు ఊడిన స్లాట్ 127 డిగ్రీలు అని రోజంతా పంపుతుంది, దాని కాపీలతోనే టేబుల్ నిండుతుంది. కాబట్టి స్లాట్‌కు రోజుకు రెండు కాపీలు, మొత్తం మీద యాభై. యాభై దాటిన రోజు ఏ కాపీలు వదిలేయాలన్నది ఇంకా తేలలేదు. సేఫ్టీ టీమ్ మొదట వచ్చినవి ఉంచమంటోంది, నేను మ్యాక్స్ ఎక్కువున్నవి ఉంచాలంటున్నాను, 127 వల్ల నా వాదన నిలబడటం లేదు.